నెలకు లక్షన్నర, అయిదెకరాల తోట

నరసన్నపేటలో కూర్చుని పెళ్లి సంబంధాలు చూసే నా దగ్గరకు ప్రొఫైల్ నేరుగా పెళ్లివారింటి నుంచి రావడం తక్కువ. ఇచ్ఛాపురంలో ఒక మధ్యవర్తి వాట్సాప్‌లో పెడితే, టెక్కలిలో ఇంకొకాయన అందుకుని, కింద తన ఫోన్ నంబరు చేర్చి నాకు పంపుతాడు. చెయ్యి మారినప్పుడల్లా జీతం కొంచెం పెరుగుతుంది. ‘కాంట్రాక్టు’, ‘ఉమ్మడి’ లాంటి మాటలు రాలిపోతాయి. సంబంధం కుదిరితేనే కమీషను గనక, రాలిన మాటను వెతికి తెచ్చి పెట్టే తీరిక మాలో ఎవరికీ ఉండదు. అబద్ధం ఆడాలని ఎవరూ అనుకోరు. అయినా చివరికి కాగితం మీద ఉండేది నిజం కాదు.

అందుకే నేను ప్రొఫైల్‌లో ఉన్నవాటికంటే లేనివాటిని ముందు చూస్తాను. ‘గవర్నమెంట్ జాబ్’ అని రాసి, శాఖ, హోదా, చేరిన సంవత్సరం రాయలేదంటే పే స్లిప్ అడుగుతాను. అందులో జీతం ఎంతన్నది నాకు పెద్ద పట్టింపు కాదు, ఏమేం కోశారన్నదే ముఖ్యం. ఏపీజీఎల్‌ఐ, జీఐఎస్, సీపీఎస్ కోతలుంటే రాష్ట్ర ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగి. ఈపీఎఫ్, ఈఎస్‌ఐ కోస్తుంటే చాలావరకు ఔట్‌సోర్సింగ్. ఈ లెక్క స్టీల్ ప్లాంటుకు, ప్రైవేటు కంపెనీలకు పట్టదు, అక్కడ పర్మనెంటు వాళ్లకీ పీఎఫ్ ఉంటుంది. ఆర్మీ అంటే ఏ సంవత్సరం చేరాడో అడగాలి. 2022లో అగ్నిపథ్ వచ్చాక చేరిన జవాన్లకు సర్వీసు నాలుగేళ్లే, ఆ తరవాత ఉంచుకునేది నాలుగో వంతు మందిని.

మా జిల్లా ఉత్తరపు కొసన ఇవేవీ సరిపోని ఉద్యోగం ఒకటుంది. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు చాలామంది కుర్రాళ్లు ఓడల మీద పనిచేస్తారు. వాళ్లకు ఆఫీసు లేదు, ఊళ్లో సహోద్యోగి లేడు, పే స్లిప్ చూపించినా మనకు అర్థం కాదు. అలాంటి ప్రొఫైల్ ఒకటి చీపురుపల్లి వైపు ఒక ఆడపిల్ల తండ్రికి వచ్చింది. ‘మర్చంట్ నేవీ ఆఫీసర్, నెలకు లక్షన్నర, అయిదెకరాల కొబ్బరి తోట, ఏ బాధ్యతలూ లేవు.’ ఆయన నాకు ఫోన్ చేసి, “ఏటి బాబూ, నమ్మొచ్చా? ఊళ్లో అడిగితే అందరూ మంచోడే అంటన్నారు” అన్నాడు.

ఊళ్లో అడిగితే మంచోడే అంటారు. చుట్టరికం ఉన్నవాడు చెడ్డ చెప్పడు, తగాదా ఉన్నవాడు మంచి చెప్పడు. నేను మనిషి ఎలాంటివాడని అడగను, తేదీలు అడుగుతాను. సంక్రాంతికి ఇంటి దగ్గరున్నాడా? అంతకుముందు ఏడాది? అమ్మవారి సంబరాలకు వచ్చాడా? ఇలా అడిగితే సంబంధం కోసమని ఎవరికీ తట్టదు, అబద్ధం చెప్పాలనీ తట్టదు. ఆ ఊరి దుకాణం దగ్గర తెలిసిందేమంటే కుర్రాడు కిందటి సంక్రాంతికి ఇంట్లోనే ఉన్నాడు, వేసవిదాకా కదల్లేదు.

కాగితం మాత్రం చాటుగా కాక మొహం ముందే అడిగాను. ఓడ ఉద్యోగికి సీడీసీ అని చిన్న పుస్తకం ఉంటుంది, చూడ్డానికి పాస్‌పోర్టులా ఉంటుంది. ఏ ఓడ ఎక్కాడో, ఎక్కడ ఏ తేదీన ఎక్కి ఏ తేదీన దిగాడో, ఏ హోదాలో పనిచేశాడో అందులో నమోదవుతాయి. ఆ పేజీల ఫొటోలు పంపమని, మిగతా నంబర్లేవైనా వేలితో మూసి తీసుకోవచ్చని కుర్రాడి తండ్రికి చెప్పాను. సాయంత్రానికల్లా పంపాడు. ఇంత తొందరగా పంపినవాడి దగ్గర దాచాల్సింది పెద్దగా ఉండదని అప్పుడే అనుకున్నాను.

హోదా గడిలో ‘ఏబీ’ అని ఉంది. అంటే డెక్ మీద అనుభవమున్న నావికుడు. మంచి పనే, ఆఫీసరు మాత్రం కాదు. ఆఫీసరు కావాలంటే సీఓసీ అనే సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వాలి. తేదీలు చూస్తే ఎనిమిది నెలలు ఓడ మీద, ఆ తరవాత ఏడు నెలలు ఇంట్లో. దుకాణం దగ్గర విన్నదానికి ఇది సరిపోయింది. తండ్రి చెప్పిన అసలు జీతం నెలకు లక్షా ఇరవై వేలు. ఓడ దిగాక జీతం రాదు. ఎనిమిది నెలలకు 9 లక్షల 60 వేలు, దాన్ని పదిహేను నెలలకు పంచితే నెలకు 64 వేలు. లక్షన్నర అన్న అంకెలో సగం కూడా లేదు.

సీడీసీ అసలుదో కాదో చూడాలి. ఇండోస్ నంబరు, పుట్టిన తేదీ ఉంటే డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూడొచ్చు. నేను జాతకంలోని తేదీ కొడితే రాలేదు. ఆడపిల్ల తండ్రి గాబరా పడ్డాడు. మనవైపు బడిలో వేసిన తేదీ ఒకటి, జాతకం తేదీ ఇంకొకటి ఉండడం మామూలే. పదో తరగతి సర్టిఫికెట్ తేదీ అడిగి కొడితే వివరాలు వచ్చాయి. పంపిన ఏజెన్సీకి ఆర్‌పీఎస్ లైసెన్సు ఉందో లేదో కూడా అక్కడే చూశాను, ఉంది. లైసెన్సు లేని ఏజెంటు వేరే దేశపు సీడీసీ చేతిలో పెట్టి పంపిన కుర్రాడైతే జీతం వస్తుందో రాదో కూడా చెప్పలేం. ఆడపిల్ల తండ్రి మాత్రం ఏజెన్సీకి ఫోన్ చేసి బ్యాంకు మనిషినని చెప్పి ఆరా తీద్దామన్నాడు. వద్దన్నాను. కుర్రాడి మీద ఏదో గొడవుందని వాళ్లనుకుంటే తరవాతి కాంట్రాక్టు పోవచ్చు.

ఇక తోట. మీభూమిలో 1బీ తీస్తే అయిదెకరాలూ తాత పేరనే ఉన్నాయి. తండ్రితో కలిపి అన్నదమ్ములు నలుగురు. కొబ్బరి తోట అనగానే ఉద్దానంలో నేనడిగేది కాపుకొచ్చిన చెట్లెన్ని అని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ వైపు తోటలు నేలకొరిగాయి. తరవాత నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. వెళ్లి చూస్తే సగం తోట లేత చెట్లే. వీళ్ల వాటాకు వచ్చేది ఎకరంపావు.

ఈ-కోర్ట్స్‌లో పేరు కొట్టి చూడడం కూడా ఈ మధ్య అలవాటైంది. అక్కడ ఇంటిపేరుతో సహా అదే పేరున్న వాళ్లు ఒకే తాలూకాలో నలుగురు కనిపిస్తారు. తండ్రి పేరు, ఊరు కలవందే ఆ కేసు ఈ కుర్రాడిదని అనకూడదు. మేం చూసినచోట ఇతనివేవీ లేవు.

కుర్రాడి తండ్రి దగ్గరకెళ్లి ప్రొఫైల్ చూపించాను. “ఆఫీసరని నానెక్కడన్నాను బాబూ? ఏబీ అనే చెప్పాను” అని తన ఫోన్లో మొదట పంపిన మెసేజీ తీశాడు. అందులో ‘ఏబీ’ అనే ఉంది, జీతం దగ్గర ‘ఓడ మీదున్నప్పుడు’ అని కూడా ఉంది. తోట దగ్గర ‘ఉమ్మడి’ అని ఉంది. మూడూ దారిలోనే పోయాయి.

హోదా, పదిహేను నెలల లెక్క, ఎకరంపావు, అన్నీ వేసి కొత్త ప్రొఫైల్ రాసి చీపురుపల్లికి పంపాను. ఆడపిల్ల తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు ఫోన్ చేసి జీతం ఊసెత్తకుండా, మళ్లీ ఓడ ఎప్పుడెక్కుతాడో కంపెనీ నుంచి తెలుసుకోమన్నాడు. పిలుపొస్తే నాలుగైదు రోజుల్లో బయల్దేరాలట, ముహూర్తం దాన్నిబట్టి పెట్టుకోవాలి కదా అన్నాడు.