అబ్బాజాన్ వ్రాసిన ఒక్క పంక్తి

మా అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకొన్న కొన్ని వారాలకు, కర్నూలు పాతబస్తీలోని మా ఇంట్లో వారసులమందరమూ కూర్చున్నాము. ఇల్లు, కొద్దిపాటి పొలం, మూడు బీరువాల నిండా పుస్తకాలు. ఇంటి విషయమూ పొలం విషయమూ గంటలో తేలిపోయాయి. పుస్తకాల దగ్గరకు వచ్చేసరికి మా చెల్లెలు ఒక ప్రశ్న వేసింది: “భాయ్‌జాన్, ఈ కితాబులన్నీ అబ్బాజాన్‌వేనా?”

ముప్పై ఏళ్లుగా మద్రసాలో వారసత్వ నియమాలు బోధిస్తున్న నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. మృతుని ఆస్తి నుండి ముందు కఫన్ దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు, ఆపైన మూడో వంతు మించని వీలునామా, చివరకు వారసుల వాటాలు అని విద్యార్థులచేత కంఠస్థం చేయించేవాడిని. అయితే ఇతరుల వస్తువు మృతుని దగ్గర ఉన్నట్లయితే అది ఆస్తి లెక్కలోకే రాదు. దానిని పంచుకొనే హక్కు వారసులకు లేదు. అప్పగించే బాధ్యత మాత్రమే ఉంది. మరి ఆ బీరువాల్లో ఏది ఎవరిది?

ఒక్కొక్క పుస్తకం తీసి చూడడం మొదలుపెట్టాము. మొత్తం 412 సంపుటాలు. వాటిలో ఇరవై మూడింటి మీద ఇతరుల పేర్లు కనిపించాయి. నాలుగింటి మీద ఒక మద్రసా వక్ఫ్ ముద్ర ఉంది. మరి కొన్నింటి మొదటి పుటలో సిరా మరక మాత్రమే మిగిలింది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు మా ఇంట్లోకి కూడా నీరు వచ్చింది. కింది అరల్లోని పుస్తకాలు తడిసి ముద్దలయ్యాయి. పై అరల్లోనివి దక్కినా, చెమ్మకు సిరాతో వ్రాసిన పేర్లు చెదిరిపోయాయి. విచిత్రమేమంటే, ఎవరో పెన్సిలుతో వ్రాసుకొన్న పేర్లు చెక్కుచెదరలేదు.

ఇదికాక మరో చిక్కు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారి ఉర్దూ తఫ్సీరు ‘మఆరిఫుల్ ఖుర్ఆన్’ ఎనిమిది సంపుటాలు. మా ఇంట్లో ఏడే ఉన్నాయి, ఆరవది లేదు. వరదలో పోయిందా? ఎవరికైనా ఇచ్చారా? అబ్బాజాన్ చిన్న నోటు పుస్తకం వెదికితే ఒక పంక్తి దొరికింది: “భాయి – తఫ్సీర్ – రంజాన్ తర్వాత”.

ఏ భాయి? ఏ తఫ్సీరు? ఏ సంవత్సరపు రంజాన్? వ్రాసిన రోజున ఆయనకు అన్నీ తెలుసు. అందుకే మూడు మాటలు సరిపోయాయి. మాకు మాత్రం ఆ మూడు మాటల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. ఎరువిచ్చిన వస్తువు లెక్క మన జ్ఞాపకం కోసం కాదు, మన తర్వాత చదివేవాని కోసం వ్రాయాలని నాకు ఆనాడు బోధపడింది.

పుస్తకం ఎరువివ్వడాన్ని ఫిఖ్హ్ పరిభాషలో ‘ఆరియత్’ అంటారు. వస్తువు యజమానిదే, వాడుకొనే అవకాశం మాత్రం ఉచితంగా మరొకరికి లభిస్తుంది. హనఫీ న్యాయశాస్త్రం ప్రకారం ఆ వస్తువు తీసుకొన్నవాని చేతిలో అమానత్. అతని నిర్లక్ష్యం లేకుండా పాడైతే నష్టపరిహారం అతని మీద పడదు. కాని గడువు పెట్టి ఇచ్చినప్పుడు, ఆ గడువు దాటినా తన దగ్గరే ఉంచుకొంటే, తర్వాత జరిగే నష్టానికి అతడే బాధ్యుడు. అంటే గడువు తేదీ మర్యాద కోసం వ్రాసే మాట కాదు. తీసుకొన్నవాని బాధ్యత దానితో మారిపోతుంది. కాబట్టి ఇచ్చేటప్పుడే ఆ తేదీ అతనికి స్పష్టంగా చెప్పడం అతని పట్ల న్యాయం. రుణాన్ని గడువుతో సహా వ్రాసుకోమనే ఆదేశం అల్ బఖరా సూరా 282వ ఆయతులో ఉంది. అది ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలోకీ పొడవైనది. ఆ ఆదేశం ధనం గురించే అయినా, అందులోని జాగ్రత్త పుస్తకానికీ పనికివస్తుందని తోచింది.

వాటాల ప్రకారం వారసులందరి సమ్మతితో పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. ఐదు శుక్రవారాలు కూర్చుని వాటికి ఒక రిజిస్టరు తయారు చేశాను. ఆరు గళ్లు గీశాను: క్రమసంఖ్య, పుస్తకం పేరు, రచయిత, సంపుటం, స్థానం, ఎవరిది. సంఖ్య పుస్తకానికి కాదు, ప్రతి సంపుటానికీ విడిగా ఇచ్చాను. ఎనిమిది సంపుటాల తఫ్సీరుకు ఒకే సంఖ్య ఇస్తే, ఏడు ఉన్నా “ఉన్నది” అనే వ్రాస్తాము. పోయిన సంపుటం లెక్కలో కనిపించదు. ఎవరైనా అడిగేది కూడా ఒక సంపుటాన్నే గదా!

‘ఎవరిది’ అనే గడి ఇళ్లలో వ్రాసుకొనే జాబితాల్లో సాధారణంగా ఉండదు. నేను అందులో మూడు మాటల్లో ఒకటి వ్రాస్తాను: మాది, వక్ఫ్, ఎరువు తెచ్చినది. ఎరువు తెచ్చినది అయితే యజమాని పేరు, తెచ్చిన తేదీ కూడా. మన పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయో వ్రాసుకోవడం అందరికీ గుర్తుంటుంది. ఎవరి పుస్తకాలు మన దగ్గర ఉన్నాయో వ్రాయడం దగ్గరే కలం ఆగిపోతుంది.

స్థానం కోసం మొదట బీరువా, అర, అరలో ఎన్నో పుస్తకం అనే మూడు అంకెలు వేశాను. నెల తిరక్కుండానే అది చెడింది. మధ్యలో ఒక కొత్త పుస్తకం పెట్టగానే దాని తర్వాతి అంకెలన్నీ తప్పాయి. ఇప్పుడు బీరువా, అర మాత్రమే వ్రాస్తున్నాను. ‘2–3’ అంటే రెండవ బీరువా, పైనుండి మూడవ అర. ఒక అరలో ముప్పై నలభై పుస్తకాలే కాబట్టి వెదకడం కష్టం కాదు. ఈ అంకెలనూ క్రమసంఖ్యనూ ప్రతి పుస్తకం అట్ట లోపల పెన్సిలుతో వ్రాశాను. వరద నేర్పిన పాఠమది. అర మారిస్తే చెరిపి వ్రాయడం కూడా తేలిక. అన్నింటికన్నా కింది అర ఖాళీగా ఉంచాను.

అరబీ, ఉర్దూ పుస్తకాలను తెలుగు పుస్తకాలతో ఒకే అరలో కలపలేదు. వాటి సంపుటాలను కుడి నుండి ఎడమకు, తెలుగు వాటిని ఎడమ నుండి కుడికి పేర్చుతాము. కలిపి పెడితే తిరిగి సర్దే పిల్లలు మొదటి సంపుటాన్ని చివర పెట్టి, మధ్యలో ఏదో పోయిందని కంగారు పడతారు.

ఇక ఎరువు లెక్క. దానికి వేరే నోటు పుస్తకం. మా మద్రసాలో కొత్తగా చేరిన యువ ఉపాధ్యాయుడొకరు ‘సీరతున్నబీ’ మొదటి సంపుటం అడిగారు. దాని సంఖ్య 137. నోటు పుస్తకంలో ఇలా వ్రాశాను: 137, ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు, ఇచ్చిన తేదీ జనవరి 10, గడువు ఫిబ్రవరి 10, పుస్తకం స్థితి “అట్ట అంచు చిరిగినది”. తిరిగి వచ్చిన తేదీ గడి ఖాళీ. ఆ వరుస ఆయనకు చూపించి, “ఇంకొకరికి ఇవ్వవద్దు బేటా, కావాలంటే వారినే నా దగ్గరకు పంపు” అన్నాను. తర్వాత అరలో ఆ పుస్తకం ఉన్నచోట అంతే ఎత్తు గల అట్టముక్క నిలబెట్టాను. దాని మీద 137, ఆయన పేరు, గడువు తేదీ. అరలోని ఖాళీ తనంతట తాను ఏమీ చెప్పదు, నాలుగు రోజుల్లో పక్క పుస్తకాలు ఒరిగి దానిని పూడ్చేస్తాయి. అట్టముక్క ఉంటే నేను లేనప్పుడు కూడా పుస్తకం ఎక్కడుందో ఇంట్లోవారికి తెలుస్తుంది.

గడువు ఎప్పుడూ ఇంగ్లీషు నెల తేదీలోనే వ్రాస్తాను. “రంజాన్ తర్వాత”, “బక్రీద్ లోపల” అని చెప్పేవారు చాలామంది. హిజ్రీ సంవత్సరం సుమారు పదకొండు రోజులు చిన్నది, నెల మొదలయ్యేది చంద్రదర్శనాన్ని బట్టి. పైగా రంజాన్ ప్రతి ఏటా వస్తుంది! అబ్బాజాన్ పంక్తి దానికి సాక్ష్యం.

నోటు పుస్తకం కూడా నీటికి తడుస్తుంది గనుక మా అమ్మాయి దానికి నకలుగా ఫోనులో ఒక పట్టిక చేసింది. అందులో F గడువు, G తిరిగి వచ్చిన తేదీ. పక్క గడిలో ఇది వ్రాసింది:

```
=IF(AND(F2<>"",G2="",F2<TODAY()),"అడగాలి","")
```

గడువు దాటి, పుస్తకం ఇంకా రాని వరుస ఎదురుగా మాత్రమే “అడగాలి” అనే మాట కనిపిస్తుంది. ప్రతి గురువారం అస్ర్ నమాజు తర్వాత ఆ పట్టిక చూస్తాను. ఫోను లేనివారు గోడ క్యాలెండరులో గడువు తేదీ గడిలో 137 అని వ్రాసుకొన్నా ఇదే పని జరుగుతుంది.

అడిగే మాట కూడా నిర్ణయించుకొన్నాను. పదిమందిలో అడగను, వాట్సాప్ గ్రూపులో అసలే వ్రాయను. “మీరు చదవడం పూర్తయిందా? కాకపోతే మరో నెల గడువు వ్రాసుకొంటాను” అంటాను. 137 తీసుకొన్న ఆ యువకుడు, “ఇంకా సగమే అయింది ఉస్తాద్” అన్నాడు. మార్చి 10 అని వ్రాశాను. మార్చి 8న పుస్తకం తెచ్చి ఇచ్చాడు. నోటు పుస్తకంలో తేదీ వేశాను, స్థితి చూశాను, అట్టముక్క తీసి పుస్తకం అక్కడ పెట్టాను.

అన్నిసార్లూ ఇంత సవ్యంగా జరగలేదు. ఒకసారి పొరుగునున్న పెద్దాయనకు జ్ఞాపకం చేస్తే, “అయ్యో మౌలానా గారూ, పది రోజుల క్రితమే మీ మనవడి చేతికి ఇచ్చానే!” అన్నారు. పుస్తకం అరలోనే ఉంది, అట్టముక్క పక్కనే! పిల్లవాడు పెట్టాడు, ఎవరూ వ్రాయలేదు. ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకొన్నాను. నాటి నుండి నోటు పుస్తకం గుమ్మం పక్క గూట్లో ఉంటుంది. పుస్తకం ఎవరు అందుకొన్నా, ముందు తేదీ వేసి, ఆ తర్వాతే లోపలికి తీసుకువెళ్లాలి. ఇలాంటి తప్పులు ఇంకా ఏమున్నా షాబాన్‌లో మద్రసా సంవత్సరం ముగిశాక, రిజిస్టరుతో అరలన్నీ ఒకసారి సరిచూసినప్పుడు బయటపడతాయి.

అబ్బాజాన్ దగ్గరున్న ఇరవై మూడింటిలో పందొమ్మిది యజమానులకో వారి వారసులకో చేరాయి. వక్ఫ్ పుస్తకాలు నాలుగూ ఆ మద్రసాకు అప్పగించాము. మిగిలిన నాలుగు ఒకటవ బీరువా పై అరలో, ‘ఎరువు తెచ్చినవి’ అన్న పేరుతో, యజమానుల కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆ లెక్క వ్రాస్తూండగా నా సొంత పుస్తకాల మధ్య నహ్వ్ గ్రంథమొకటి బయటపడింది. దాని మీద మా ఉస్తాద్ గారి పేరు పెన్సిలుతో ఉంది. చదువుకొనే రోజుల్లో “రేపు ఇస్తాను” అని తెచ్చుకొన్నాను. ఆయన మరణించి ఎన్నో ఏళ్లయింది. ఇంతకాలమూ అబ్బాజాన్ పుస్తకం తీసుకొని తిరిగి ఇవ్వని ఆ ‘భాయి’ ఎవరా అని మనసులో తప్పుపడుతూ వచ్చాను. మరో ఇంట్లో ఆ భాయిని నేనే. గ్రంథం తీసుకొని ఉస్తాద్ గారి కుమారుని దగ్గరకు వెళ్లాను. ఆయన పేరు చూసి, పుట మీద వేలితో నిమిరి, ఏమీ అనకుండా లోపల పెట్టుకొన్నారు.

మా బీరువాలో ఐదవ, ఏడవ సంపుటాల మధ్య ఇప్పుడొక అట్టముక్క ఉంది. దాని మీద సంఖ్య ఉంది, పేరు లేదు, గడువు లేదు. మీ ఇంట్లో ‘మఆరిఫుల్ ఖుర్ఆన్’ ఆరవ సంపుటం ఒంటరిగా ఉన్నట్లయితే, దయచేసి మొదటి పుట ఒకసారి తెరిచి చూడండి.