స్లైడ్లు వాళ్లవి, మొదటి మాటా చివరి మాటా మనవి

మన బడుల్లోకి ఈమధ్య ఒక కొత్త పని వచ్చింది. పై ఆఫీసులో ఎవరో స్లైడ్లు తయారుచేస్తారు. అవి వాట్సాప్‌లో మన ఫోన్లకు వస్తాయి. "రేపటి తల్లిదండ్రుల సమావేశంలో చూపించి చెప్పగలరు" అని ఒక వాక్యం వెంట ఉంటుంది. స్లైడ్లను మార్చే అధికారం మనకు లేదు. నిలబడి చెప్పాల్సింది మాత్రం మనమే. అలాంటప్పుడు మన చేతిలో మిగిలేవి రెండే: మొదలుపెట్టేటప్పుడు చెప్పే నాలుగు మాటలు, ముగించేటప్పుడు చెప్పే నాలుగు మాటలు. ఆ రెంటినీ ఎలా రాసుకోవాలో మేము ఒక పనిలో నేర్చుకున్నాం. అది ఇక్కడ చెబుతాం.

మా ఆశ్రమ పాఠశాలకు సికిల్ సెల్ జబ్బు మీద 22 స్లైడ్లు వచ్చాయి. చెప్పాల్సిన బాధ్యత కొత్తగా చేరిన సైన్సు టీచరమ్మ మీద పడింది. ఆమె కోయ అమ్మాయి, డిగ్రీ చదివింది, పాఠం బాగా చెబుతుంది. అయినా ఫోను పట్టుకుని మా దగ్గరికి వచ్చి, "సార్, ఇందులో ఒక్క మాటా నాది కాదు. ఎక్కడ మొదలుపెట్టను?" అంది. "మొదలు తర్వాత చూద్దాంలే అమ్మా, ముందు ఇవి ఎవరి కోసం చేశారో చూద్దాం" అన్నాం.

ముగ్గురం కూర్చుని స్లైడ్లను చివరి నుంచి వెనక్కి చూశాం. చివర నుంచి చూస్తే, విన్నవాళ్లు ఏం చేయాలని ఆశిస్తున్నారో ముందే తెలుస్తుంది. 22వది "ధన్యవాదాలు". 21వది ఒక నినాదం. 19వ దానిలో మాత్రం అసలు పని ఉంది: పెళ్లికి ముందు ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలి, ఫలితం రాసిన కార్డు దాచుకోవాలి. 11వ దానిలో తల్లి, తండ్రి, నలుగురు పిల్లల బొమ్మ ఉంది. 2 నుంచి 4 వరకు పథకం వివరాలు: 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభం, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం, 7 కోట్ల మందికి పరీక్షలు. ఈ మూడు స్లైడ్లు అధికారుల సమావేశం కోసం చేసినవని చూడగానే తెలుస్తుంది. పనులు మానుకుని, బిడ్డను ఎత్తుకుని నడిచి వచ్చిన తల్లికి కావలసింది 11, 19.

మొదటి స్లైడు కింద నోట్స్‌లో ఒక ప్రారంభోపన్యాసం కూడా రాసి పంపారు. "గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం. సికిల్ సెల్ నిర్మూలనకు మేము చేపట్టిన చర్యలను మీ ముందుంచుతున్నాను" అని ఉంది. ఇక్కడ "మేము" ఎవరు? ఆ చర్యలు చేపట్టింది ఆరోగ్య శాఖ. ఆ మాట టీచరమ్మ నోటి నుంచి వస్తే, రేపు కార్డు రానివాళ్లు, మందు అందనివాళ్లు ఆమెనే అడుగుతారు. ఆమె దగ్గర జవాబు ఉండదు. అందుకే మేము పెట్టుకున్న మొదటి నియమం: చెప్పే మనిషి తాను నిలబడగలిగిన మాటనే "నేను" అని చెప్పాలి. స్లైడ్లు ఎవరివో ఒక్క వాక్యంలో చెప్పేయాలి. దానికి క్షమాపణ అక్కర్లేదు. "నాకూ ఇవి నిన్ననే వచ్చాయి, సరిగా చూడలేదు" అని మొదలుపెడితే వినేవాళ్లు అక్కడే చెవులు మూసుకుంటారు.

ఆమె ప్రారంభం చివరకు ఇలా తయారైంది:

"అమ్మలకు, అయ్యలకు, పెద్దలకు దండాలు. నేను మీ పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. డాక్టర్ని కాదు. ఈ బొమ్మలు ఆరోగ్య శాఖ వాళ్లు చేసి పంపారు. మన ఊళ్లలో కొందరు పిల్లలకు ఒళ్లంతా, ఎముకల్లో విపరీతమైన నొప్పి వస్తుంది. రక్తం తగ్గుతుంది, కళ్లు పచ్చబడతాయి. అది ఎవరి శాపమూ కాదు. కలిసి తింటే, కలిసి పడుకుంటే అంటుకునేదీ కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రక్తంలో వచ్చేది. ఎలా వస్తుందో ఒక బొమ్మ చూపిస్తాను, దాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. చివర్లో కార్డు గురించి మాట్లాడుకుందాం. ముందు ప్రభుత్వం పెట్టిన పథకం ఏమిటో చూద్దాం."

చివరి వాక్యాన్ని చూడండి. అది రెండో స్లైడుకు తలుపు తీస్తుంది. ప్రారంభం ఎంత బాగున్నా, దాని చివరి వాక్యానికీ తెరమీద వచ్చే తర్వాతి బొమ్మకూ అతుకు లేకపోతే చెప్పేవాళ్లు అక్కడ తడబడతారు. ఇక "గట్టిగా గుర్తుపెట్టుకోండి" అన్న మాటతో, స్లైడ్లు మార్చకుండానే, 22లో ఏది ముఖ్యమో వినేవాళ్లకు చెప్పేశాం.

ఇది చదవడానికి ఒక నిమిషం పట్టింది. పదాలు లెక్కపెట్టలేదు. ఆమె గట్టిగా చదువుతుంటే గడియారం చూశాం. మూడుసార్లు చదివించాం. ఆమె నాలుక తట్టుకున్న ప్రతి మాటనూ మార్చాం. "వంశపారంపర్యంగా సంక్రమించే" అని మేము రాసిన చోట ఆమె రెండుసార్లు ఆగింది. "రక్తంలో వచ్చేది" అని ఆమే అంది. అదే ఉంచాం. తర్వాత మొదటి మూడు వాక్యాలను ఆమె కోయలో చెప్పుకుని చూసింది. కోయలో చెబుతుంటే ఆమె గొంతు మారింది. సమావేశంలో అలాగే చెప్పమన్నాం.

ముగింపు ఇంకా కష్టమైంది. ఎందుకంటే 11వ బొమ్మే ఒక చిక్కు తెస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండా ఆ గుణం మాత్రం మోస్తున్నవాళ్లైతే, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకుడయ్యే అవకాశం 50 శాతం, ఏమీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. స్లైడు దీన్ని నలుగురు పిల్లలుగా గీసింది. ఒకడు ఎర్రగా, ఇద్దరు సగం ఎర్రగా, ఒకడు తెల్లగా. చూసినవాళ్లు ఏమనుకుంటారు? "నలుగురిలో ఒకడికే వస్తుంది. మా పెద్దోడికి వచ్చింది కాబట్టి మిగతావాళ్లకు భయం లేదు" అనుకుంటారు. అది తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

దీన్ని చెప్పడానికి చింతపిక్కలు తీసుకున్నాం. ఒక వైపు అరగదీసి తెల్లగా చేసిన పిక్కలు, మన పిల్లలు ఆటలో వేసేవి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండూ తెలుపు పడితే జబ్బు. ఒకటి తెలుపు, ఒకటి నలుపైతే వాహకులు. రెండూ నలుపైతే ఏమీ లేదు. మళ్లీ వేస్తే, పోయినసారి ఏం పడిందో పిక్కలకు గుర్తుండదు. పిక్క సరిగ్గా సగం సగం పడదు కాబట్టి దాంతో శాతాలు లెక్కపెట్టకూడదు. ప్రతిసారీ కొత్తగా పడుతుందని చూపడానికే అది. ఇంకొకటి, ఇద్దరూ వాహకులైనప్పుడే ఈ ఆట సరిపోతుంది. ఒక్కరే వాహకులై, రెండోవాళ్లకు ఏమీ లేకపోతే ఆ పిల్లలకు జబ్బు రాదు. వాహకులు కావచ్చు, అంతే. ఆ మాట కూడా చెప్పాలి. లేకపోతే కార్డులో ఏదో ఉందని ఒక ఆడపిల్ల సంబంధం అనవసరంగా చెడిపోతుంది.

ఇంకో చిక్కు 13వ స్లైడులో ఉంది. అక్కడ "పాజిటివ్" అని మాత్రమే రాశారు. ఊళ్లో చేసే మొదటి పరీక్ష రక్తంలో ఆ గుణం ఉందో లేదో చెబుతుంది. జబ్బో, వాహకులో తేల్చేది రెండో పరీక్ష. ఈ సంగతి స్లైడులో లేదు. మాకు తెలిసినా మేమే చేర్చలేదు. టీచరమ్మ ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకు ఫోను చేసి, మేము రాసిన వాక్యం చదివి వినిపించింది. ఆయన సరేనన్నాకే ముగింపులో పెట్టాం. ఇది రెండో నియమం: ముగింపులో స్లైడ్ల మాటను తేలిక చేయవచ్చు, చిన్నది చేయవచ్చు. కొత్త విషయం చేర్చాలంటే మాత్రం దానికి జవాబు చెప్పగలిగిన మనిషి ఒప్పుకోవాలి. స్లైడులో తప్పు కనిపించినా అంతే. ముందే ఫోనులో అడగాలి, జనం ముందు ఖండించకూడదు.

ముగింపు ఇది:

"మూడు మాటలు పట్టుకెళ్లండి. ఒకటి, మొదటి పరీక్షలో పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టే అని కాదు, రెండో పరీక్ష చేయించాలి. రెండు, పెళ్లి మాటలు మొదలయ్యేటప్పుడు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క కార్డు చూసి ఎవరినీ వద్దనకండి. మూడు, జబ్బున్న పిల్లకు జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా రాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంటికి వెళ్లగానే కార్డు ఎక్కడుందో వెతకండి. లేకపోతే రేపు ఏఎన్ఎమ్మను అడగండి."

ఈ మాటలు "ధన్యవాదాలు" స్లైడు ముందు చెప్పకూడదు. ఆ మాట కనబడగానే జనం లేచిపోతారు. స్లైడ్లు నడుస్తున్నప్పుడు 11 కొట్టి Enter నొక్కితే తల్లిదండ్రుల బొమ్మ మళ్లీ వస్తుంది. పిక్కలు వేసేటప్పుడు B నొక్కితే తెర నల్లబడి, కళ్లన్నీ చేతి మీదికి వస్తాయి. కరెంటు పోయినా ప్రారంభం, పిక్కలు, ముగింపు, ఈ మూడింటితో సమావేశం నడిచిపోయేలా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాం.

కాగితం అడుగున ఇంకొక్క వాక్యం రాశాం, తెలియని ప్రశ్న వస్తే చెప్పడానికి: "ఇది నేను చెప్పకూడనిది, డాక్టరు చెప్పాల్సింది. మీ పేరు అడగను, సమావేశం అయ్యాక నా దగ్గరికి రండి, కలిసి వెళ్దాం." ఆరోజు అది అవసరమైంది. వెనక వరుసలోంచి ఒక తల్లి లేచి, "మా వాడికి పాజిటివ్ అన్నారు. హాస్టల్లోంచి పంపించేస్తారా?" అని అడిగింది. పంపరని టీచరమ్మ వెంటనే చెప్పింది, అది బడి సంగతి కాబట్టి. "మరి బతుకుతాడా?" అని ఆ తల్లి మళ్లీ అడిగినప్పుడు కాగితం వైపు ఒకసారి చూసి, అడుగున ఉన్న ఆ వాక్యం కోయలో చెప్పింది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు.