గ్రూపులో పుట్టినరోజు మెసేజ్

ఈరోజు మా టీమ్‌లో అందరికన్నా చిన్నమ్మాయి పుట్టినరోజు. గ్రూపులో ‘మా స్టార్’ అని రాస్తే మిగతావాళ్లంతా ఏమైనట్టు? అందుకే తను చేసిన పని గురించే రాశాను:

“హ్యాపీ బర్త్‌డే అమ్మా! నెట్ ఆగి, కస్టమర్ బటన్ మళ్లీ నొక్కితే ఏమవుతుందని నువ్వడిగావు. ఒకే రీఫండ్ రెండుసార్లు పడుతోందని అలాగే బయటపడింది. రాత్రి కూర్చుని సరిచేసిన డెవలపర్లకూ, నీకు టెస్టింగ్ నేర్పిన సీనియర్‌కూ ఇందులో వాటా ఉంది. కేకులో కూడా! వచ్చే రిలీజ్‌కి టెస్ట్ ప్లాన్ నువ్వే రాయి, ఆయన చూస్తారు.”

రేటింగ్, ప్రమోషన్ మాటలు మాత్రం గ్రూపులో ఎత్తను. అవి విడిగా కూర్చుని మాట్లాడేవి.

వచ్చే నెల ఆ సీనియర్ పుట్టినరోజు. ఆయనకూ ఇంత పొడవే రాయాలి, లైన్లు లెక్కపెట్టేవాళ్లున్నారు మా దగ్గర!