రెండూ ఎనభై పౌండ్లే

విజయవాడలోని ఆ ప్రెస్ యజమానికి గ్రాముల లెక్క కొట్టిన పిండి. అమెరికాలోని ఓ తెలుగు సంఘం సావనీరు ఆర్డరు దగ్గరే ఆయన తడబడ్డారు. లోపలి పేజీలకు 120 జీఎస్ఎం ఆర్ట్ పేపర్, అట్టకు 220 జీఎస్ఎం ఆర్ట్ కార్డు అని కొటేషన్ పంపితే, పౌండ్లలో చెప్పమన్నారు వాళ్లు. 1.48తో భాగిస్తే సరిపోతుందని తోటి ప్రింటరొకరు చెప్పారు. ఆయన రెండింటినీ భాగించి 81, 149 అని రాసేశారు. మర్నాడే ఫోన్. "149 పౌండ్ల అట్టా? పుస్తకం తెరుచుకుంటుందా అండీ?" కార్డు ఇంకా కొనలేదు, అదొక్కటే అదృష్టం.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు. షీటు ఎంతున్నా ఆ అంకె మారదు. అమెరికా పౌండ్లు మాత్రం 500 షీట్ల బరువు. ఆ షీటు కొలత కాగితం రకాన్ని బట్టి మారుతుంది. పుస్తకం కాగితానికి 25×38 అంగుళాలు, అట్టకు 20×26. తిరకాసంతా అక్కడే. 120 జీఎస్ఎం పెద్ద షీట్లు 500 తూస్తే 36.8 కిలోలు, అంటే 81 పౌండ్లు. అట్ట దాదాపు రెట్టింపు మందమైనా షీటు చిన్నది. అందుకే 500 షీట్లు 36.9 కిలోలే తూగుతాయి. అవీ 81 పౌండ్లే! అట్టను భాగించాల్సింది 2.7తో.

అక్కడ మామూలుగా దొరికే రకం 80 కాబట్టి, కొత్త కొటేషన్‌లో '80 పౌండ్ల టెక్స్ట్, 80 పౌండ్ల కవర్' అని రాశారు. ఆ చివరి మాట జారిపోతే అట్ట కూడా లోపలి పేజీలంత పల్చగా వస్తుంది. ఈసారి ఆయన రెండు నమూనా ముక్కలు కొరియర్ చేసి, ఒక్కోదాని వెనక జీఎస్ఎం కూడా రాశారు.