రెండు గడియారాలు

కోనసీమ నుండి కువైట్ వెళ్ళిన ఒక సహోదరుని గదిలో రెండు గడియారాలున్నాయి. ఒకటి అక్కడి టైము, రెండోది అమ్మ టైము. మన టైము వాళ్ళకంటే 2 గంటల 30 నిమిషాలు ముందు. నిద్రమత్తులో ఆ అరగంట మరచిపోతామని రెండోది పెట్టుకున్నాడు.

రాత్రి 7కు డ్యూటీ దిగేసరికి ఇక్కడ 9:30. అమ్మ అప్పటికే పడుకుంటుంది. శుక్రవారం సెలవు కనుక సాయంత్రం తీరిగ్గా మాట్లాడతాడు. మిగతా ఆరు రోజులూ తెల్లవారుజామున 4కి, బస్సు ఎక్కకముందే చేస్తాడు. ఇక్కడ 6:30. అమ్మ కూలికి బయలుదేరే వేళ.

వేళకాని వేళ ఫోను మోగితే ఏమైందోనని ఆ తల్లి గుండె ఝల్లుమంటుంది. ఆ వేళకు మోగితే మాత్రం కొడుకు క్షేమమని, ఎత్తకముందే తెలుస్తుంది.

ఒకే ఊళ్ళో ఉన్న మనకు మన అమ్మల వేళ తెలుసా?