మైనమా, దారమా?

పోయిన నెల మా పత్రికలో వీణ మీద వచ్చిన వ్యాసానికి సితార్ బొమ్మ పడింది. తప్పు పట్టుకుని ఉత్తరం రాసినవాళ్లు ఇద్దరే. తప్పు కంటే ఆ ఇద్దరే అన్న సంగతి మా సంపాదకుణ్ణి ఎక్కువ బాధపెట్టింది. "వీణ చేసేచోట ఒక రోజు కూర్చుని రా" అని నన్ను విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరున్న గొల్లపల్లికి పంపించారు.

నేను వెళ్లేసరికి అరవై దాటిన ఒక పెద్దాయన అరుగు మీద మెట్లు కూరుస్తున్నారు. నేల నిండా పనసచెక్క పసుపు పొట్టు. కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే మానులోంచి తొలిచిన ఏకాండి వీణ ఆయన ముందుంది. పత్రికలో పడ్డ ఆ బొమ్మ చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఇది మైనం కాదు బాబూ, దారం" అన్నారు. తేడా మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

వీణ దండి రెండంచులా మైనపు గట్లు ఉంటాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలపడం వల్ల అవి నల్లగా కనిపిస్తాయి. మైనం మెత్తగా ఉండగానే లోహపు మెట్లను అందులో నాటుతారు. గట్టిపడ్డాక మెట్టు కదలదు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు, కాబట్టి ఏ రాగానికైనా మెట్లు జరపనక్కరలేదు. తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో ఈ పద్ధతి స్థిరపడిందని చెబుతారు. సితార్ మెట్లు వంపు తిరిగిన కడ్డీలు, సుమారు 20 ఉంటాయి. వాటిని దారంతో దండికి కట్టి, రాగాన్నిబట్టి ముందుకో వెనక్కో జరుపుకుంటారు.

పెద్దాయన 12వ మెట్టు పెడుతుంటే చూశాను. తీగె నిడివి 84 సెంటీమీటర్లయితే సరిగ్గా సగం, 42 దగ్గర, పైస్థాయి షడ్జం రావాలి. గుర్తు పెట్టిన చోటే మెట్టు ఆనించి, సారణి తీగె నొక్కి మీటారు. స్వరం కాస్త ఎక్కువ పలికింది. నొక్కినప్పుడు తీగె బిగుసుకుంటుంది గనుక కొలతొక్కటే చాలదు. బొటనవేలితో మెట్టును యాళి వైపు వెంట్రుకవాసి జరిపారు. మళ్లీ మీటి, తల వంచి విన్నారు. ఇంకోసారి జరిపారు. ఈసారి విడి తీగె స్వరంలో అది కలిసిపోయింది. తరవాత దాని ముందు మెట్టు నొక్కి మీటారు. జర్రుమంటే పక్క మెట్టు ఎత్తుగా ఉన్నట్టు. జర్రుమంది. మైనంలోకి ఇంకాస్త అదిమారు. ఇలా 24 మెట్లూ.

పక్కింట్లో ఒక కుర్రాడు సన్మానాలకిచ్చే చిన్న వీణలకు రంగు పూస్తున్నాడు. అటు చూస్తూ పెద్దాయన, "దానికి మెట్లు లెక్కెట్టేవాడేడీ" అన్నారు, నాతో కాదు, తనలో తాను. ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఆ చిన్న వీణలు ఊరికి తిండి పెడుతున్నాయి, వాటిని తప్పుపట్టను. కానీ వేదిక మీద శాలువాతో పాటు వీణను అందుకునేవాళ్లు అది పలకాల్సిన వస్తువని మరిచిపోతున్నారు. సినిమాల్లో నాయిక వీణ మీటుతుంటే సితార్ వినిపించడం, అది మనకు తప్పనిపించకపోవడం అక్కడినుంచే వస్తోంది.

వీణనూ సితార్‌నూ వేరుచేయడం చెవికి ఏమీ కష్టం కాదు. వీణను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని చూపుడు, మధ్యవేళ్లతో మీటుతారు. చిటికెనవేలు పక్కనున్న మూడు తాళం తీగెల మీద పడుతుంది. నాదం నిండుగా, బరువుగా ఉంటుంది. సితార్‌ను ఏటవాలుగా పట్టుకుని, చూపుడువేలికి తొడిగిన తీగె మిజ్రాబ్‌తో మీటుతారు. మెట్ల కింద సన్నటి తరబ్ తీగెలు వాటంతటవే పలికి, ప్రతి స్వరం చుట్టూ ఝుమ్మనే తళుకు నింపుతాయి.

ఇక మరో తీగె వాద్యం సరోద్‌కు మెట్లే లేవు. నున్నటి లోహపు పలక మీద ఎడమచేతి గోళ్లు జారుతుంటాయి. కుడిచేతిలో కొబ్బరిచిప్ప ముక్క ఉంటుంది. కుండకు చెక్క మూత బదులు మేకతోలు బిగిస్తారు, అందుకే మీటగానే డప్పు మీద చినుకు పడ్డట్టు దెబ్బ ముందు వినిపిస్తుంది. జారుడు కూడా అందులో వేరు. వీణ, సితార్‌లలో తీగెను మెట్టు మీద పక్కకు లాగి గమకం తెస్తే, సరోద్‌లో వేలే పలక వెంట ప్రయాణిస్తుంది.

రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్ కలిసి వాయించిన జుగల్బందీ ఒకటి వినండి. వెంటనే ఈమని శంకరశాస్త్రి వీణో, చిట్టిబాబు వీణో పెట్టండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఏదో వాళ్లనే చెప్పమనండి.

ఈ నెల మేం వేసిన బొమ్మ వీణదే. మెట్లు లెక్కపెట్టి చూడండి, 24 ఉండాలి. లేకపోతే మాకు ఉత్తరం రాయండి.