ముందు సోమవారం వాళ్లు

2018 అక్టోబరు 12, శుక్రవారం. ముందురోజు తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గురువారం మా డయాలసిస్ సెంటర్‌కి ఒక్కరూ రాలేకపోయారు. ఆ లెక్కన శుక్రవారం రెండు రోజుల జనం ఒకేసారి మీద పడతారని, ఎవరిని ముందు మంచం ఎక్కించాలో తగువు తప్పదని అనుకుంటూ వచ్చాను. ఆరున్నరకి మొదటి షిఫ్టు. వరండాలో బెంచీలన్నీ ఖాళీ.

మామూలు రోజుల్లో అయిదింటికే ఆటోలు దిగిపోతాయి. దుప్పటి, ఇడ్లీ డబ్బా, ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న సంచీ బెంచీ మీద పెట్టి వరస కాసుకుంటారు. ఇంట్లో పెళ్లి ఉన్నా డయాలసిస్ మానని మనుషులు వాళ్లు.

"అక్కా, ఎవరూ లేరు కదా, జనరేటర్ ఆపేద్దామా? డీజిల్ మిగులుద్ది," అన్నాడు నాతో పనిచేసే కుర్ర టెక్నీషియన్. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు, పెట్రోలు బంకులు మూతపడ్డాయి. అతని మాటలో తప్పేం లేదు. కానీ ఆపే ముందు నీళ్లు పట్టుకోవాలి. డయాలసిస్ అంటే అందరూ రక్తం గురించే అనుకుంటారు గానీ, మా పని సగం నీళ్లతోనే. మిషన్ నిమిషానికి అరలీటరు ద్రావణం వాడుతుంది. నాలుగు గంటలకి 120 లీటర్లు. అవి ఆర్వో ప్లాంటు నుంచి రావాలి, ఆ ప్లాంటు లోపలికి పోసిన నీటిలో సగం దాకా బయటకి పారబోస్తుంది. తుపాను తర్వాత బోరు నీళ్లు ఎర్రగా వస్తాయేమోనని ముందు బకెట్లో పట్టి చూశాం. తేటగానే ఉన్నాయి. ట్యాంకు నింపి, టీడీఎస్, క్లోరిన్ చూసి రాసుకున్నాక జనరేటర్ ఆపించాను. మనిషి వచ్చినప్పుడు నీళ్ల కోసం ఆగకూడదు.

తర్వాత రిజిస్టరు తీశాను. శుక్రవారం పేజీ మీద శుక్రవారం పేర్లే ఉన్నాయి. వాళ్లకి చివరి డయాలసిస్ బుధవారం, అంటే రెండు రోజుల కిందట. గురువారం బ్యాచ్‌లో వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లు మంగళవారం వచ్చి వెళ్లారు. వాళ్లకి మూడు రోజులు. వారానికి రెండుసార్లే వచ్చేవాళ్లు కొందరున్నారు, సోమ, గురువారాల వాళ్లు. వాళ్లకి సోమవారం తర్వాత మళ్లీ రక్తం శుభ్రపడలేదు. నాలుగు రోజులు. అందుకని ఆ రోజు పేజీ పక్కన పెట్టి కొత్త కాగితం మీద వరస రాశాను: ముందు సోమవారం వాళ్లు, తర్వాత మంగళవారం వాళ్లు, ఆఖర్న బుధవారం వాళ్లు. సోమవారం వాళ్లలో మళ్లీ మూత్రం బొత్తిగా రానివాళ్లని పైకి తెచ్చాను. ప్రతిసారీ మూడు కిలోలకి పైగా నీరు చేరి వచ్చేవాళ్లు వాళ్ల కింద.

అది రాస్తున్నప్పుడు బొండాల సంగతి తట్టింది. కాశీబుగ్గ నుంచి వస్తుంటే దారి పొడుగునా కొబ్బరి చెట్లు పడి ఉన్నాయి. గెలలకి గెలలు రోడ్డు మీద. కుర్రాళ్లు కత్తులు పట్టుకుని వచ్చేపోయేవాళ్లకి ఊరికే కొట్టి ఇస్తున్నారు. ఊళ్లలో కరెంటు లేదు, బోరు మోటార్లు తిరగవు, ట్యాంకులు ఖాళీ. దాహమేస్తే ఎవరైనా ఏం తాగుతారు?

కిడ్నీలు పనిచేసేవాడికి బొండాం అమృతమే. చెయ్యనివాడికి అందులోని పొటాషియం ఒంట్లోంచి పోయే దారి లేదు. వందమిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక్కో బొండాంలో 300 మిల్లీలీటర్లు అనుకున్నా నాలుగు తాగితే మూడు గ్రాములు. మా పేషెంట్లకి తిండితో కలిపి రోజంతటికీ చెప్పేది రెండు గ్రాముల లోపు. ఎక్కువైతే గుండె కొట్టుకోవడం నెమ్మదించి, ఒక్కోసారి ఆగిపోతుంది. నీరు చేరితే కాళ్లు వాస్తాయి, ఆయాసమొస్తుంది, ఇంట్లోవాళ్లకి కనబడుతుంది. పొటాషియం అలా కనబడదు.

డ్యూటీ డాక్టరుగారికి కాగితం చూపించాను. ఫోన్లు పనిచెయ్యడం లేదు. "అంబులెన్సు వెళ్లదు, బైకు వెళ్తుందా?" అన్నారాయన. వెళ్తుంది, చెట్టు అడ్డమొస్తే ఎత్తి దాటించాలి. కుర్రాడిని ప్లాంటు దగ్గర ఉంచి, వాచ్‌మన్ బాబాయి బండి మీద వజ్రపుకొత్తూరు వైపు బయల్దేరాను. జాబితాలో పైనున్న రెండు పేర్లు అటే. దారిలో చెట్లు కోస్తున్న మనుషులకీ, పాలు మోసుకెళ్లే ఆమెకీ, ఆగిన చోటల్లా ఒకటే చెప్పాను: డయాలసిస్ వాళ్లు బొండాలు ముట్టుకోవద్దు, సాయానికి ఇచ్చే అరటిపళ్లు తినొద్దు, ఎలాగైనా రండి, ఏ టైమైనా పర్లేదు.

మొదటి ఇంటి అరుగు మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ చెక్కిన బొండాలు.

"ఏటమ్మా, నువ్వొచ్చీసినావేటి?" అన్నాడు.

"ఎన్ని తాగావు పెదనాన్నా?"

"నిన్నట్నుంచి అయిదో ఆరో. నీల్లేవి మరి? కాల్లు బరువుగా ఉన్నాయి గానీ వాపు లేదు సూడు."

పాదం నొక్కి చూస్తే నిజంగానే వాపు లేదు. ఆయన్ని నిలబెడితే మోకాళ్లు సహకరించలేదు. పెదాల చుట్టూ చీమలు పాకినట్టుందన్నాడు. నాడి చూస్తే నిమిషానికి 46. ఎడమచేతి ఫిస్టులా మీద వేలు పెట్టాను, జివ్వుమంటూ ఆడుతోంది. కనీసం సూది గుచ్చడానికి దారి ఉంది. కొడుకు వెనక కూర్చుని తండ్రిని పట్టుకుంటే, ముగ్గురూ ఒకే బండి మీద సెంటర్‌కి బయల్దేరారు. నేను రెండో ఇంటికి నడిచి వెళ్లాను. ఆమె బొండాలు తాగలేదు, ఆయాసం మాత్రం ఉంది. ఒక ట్రాక్టరు దొరికింది.

మేం చేరేసరికి డాక్టరుగారు పెద్దాయనకి ఈసీజీ తీయించారు. మామూలుగా చిన్న గుట్టలా ఉండాల్సిన టి తరంగం గుడారంలా నిటారుగా లేచి ఉంది. పొటాషియం రిపోర్టు కోసం ఆగే పని లేదన్నారు. కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా నరంలోకి ఎక్కించారు. అది పొటాషియాన్ని తగ్గించదు, దాని దెబ్బ నుంచి గుండెని కాసేపు కాపాడుతుంది, అంతే. ఇన్సులిన్, గ్లూకోజు ఇచ్చాక కాస్త పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి జరుగుతుంది. అదీ తాత్కాలికమే. ఒంట్లోంచి బయటకి పంపేది మిషనే. జనరేటర్ వేయించి, సూదులు పెట్టి, మొదలుపెట్టాను. గంటన్నరకి నాడి 60 దాటింది. "ఆకలేస్తందమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం నుంచి జనం రావడం మొదలైంది. డోలీ కట్టి మోసుకొచ్చినవాళ్లున్నారు. డాక్టరుగారు ఒక్కొక్కరికి నాలుగు గంటలు కాకుండా రెండున్నర గంటలు చాలన్నారు. నలుగురికి పూర్తిగా చేసే నీళ్లతో ఆరుగురికి చేయొచ్చు. నాలుగు గంటలు హక్కుగా అడిగినవాళ్లతో గొడవ పడ్డాను. బుధవారం వచ్చిన ఒకాయన, "ఈరోజు నా వారం, రిజిస్టర్లో నా పేరుంది," అని వాదించాడు. ఉంది. అయినా ఆయన్ని రాత్రి పదిగంటలకి గానీ ఎక్కించలేదు. ఆయనకి నా మీద కోపం చాన్నాళ్లు తగ్గలేదు.

అప్పట్నుంచి తుపాను హెచ్చరిక రాగానే మేం చేసే పని వేరు. గాలి రాకముందే జనాన్ని పిలిచి డయాలసిస్ చేసేస్తాం, నీళ్లు పట్టి ఉంచుకుంటాం. 2021 సెప్టెంబరు 26 ఆదివారం సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆదివారం మాకు సెలవు. ఆ పొద్దున్నే సోమవారం వాళ్లందరినీ రప్పించాం. పెద్దాయన కొడుకు మాత్రం ఫోన్లో, "గాలే లేదు కదా మేడం, రేపు తీసుకొస్తాను," అన్నాడు. వెనకనుంచి పెద్దాయన గొంతు వినబడింది: "బండి తియ్యరా!"